గాజుల షాపు షాట్‌లో కెమెరామన్ కనపడుతుంటే

సమస్య: లాడ్ బజార్‌లో ఒక గాజుల షాపు షోకేస్‌ని బయట నిలబడి 50 ఎం.ఎం. లెన్స్‌తో తీస్తున్నాం. మానిటర్‌లో చూస్తే గాజుల వరసల మీద తెల్ల చొక్కాతో నేనే. మెరుపులు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ తిప్పాను. ఫ్రేమ్ అంచుల్లో మెరుస్తున్న ఆటోలు కాస్త తగ్గాయి, నేను మాత్రం ఏమీ తగ్గలేదు. "ఫిల్టర్ డూప్లికేట్‌ది అయ్యుంటుంది అన్నా" అన్నాడు అసిస్టెంట్.

కారణం: ఫిల్టర్ బాగానే ఉంది. వెలుగు గ్లాసు మీద బాగా ఏటవాలుగా పడితేనే పోలరైజర్ దాన్ని కోయగలదు. కెమెరా తన ప్రతిబింబాన్ని తాను చూసుకునేది మాత్రం ఎప్పుడూ సూటిగా తగిలి వెనక్కి వచ్చిన వెలుగులోనే, అక్కడ ఎంత తిప్పినా ఫలితం సున్నా.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది, షోకేస్ గ్లాసునీ ముఖం చూసుకునేదాన్నీ రెండింటినీ అద్దమే అంటాం. ఈ షాపులో గాజుల వెనక గోడకి ముఖం చూసుకునే అద్దం కూడా ఉంది, అంటే అక్కడ నేను ఇద్దరిని. ఎవరు ఎక్కడివాడో ఫోకస్ రింగే చెబుతుంది: నేను గ్లాసుకి 1.5 మీటర్ల దూరంలో ఉన్నాను కాబట్టి గ్లాసులోవాడు 3 మీటర్ల దగ్గర షార్ప్ అవుతాడు, ఇంకో మీటరు లోపలున్న అద్దంలోవాడు 5 మీటర్ల దగ్గర.

పరిష్కారం: డైరెక్టర్ ఒప్పుకుంటే కెమెరాని పక్కకి జరిపి ఏటవాలుగా తీయండి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద 50 ఎం.ఎం. అయితే ఎదురు నుంచి 20 డిగ్రీలు దాటాలి, నేనైతే 25-30 పెడతాను. గ్లాసూ అద్దమూ సమాంతరంగా ఉంటే ఇద్దరూ ఒకేసారి ఫ్రేమ్ బయటికి పోతారు. ఆపరేటర్ కూడా కెమెరాకి బయటి వైపే నిలబడాలి, లేకపోతే భుజం దొరికిపోతుంది.

మా డైరెక్టర్‌కి ఎదురుగానే కావాలట. గ్లాసులోవాడి కోసం మీటరు వెడల్పు నల్లగుడ్డకి లెన్స్ పట్టేంత చిల్లు పెట్టి, దాని వెనక నిలబడ్డాను. గ్లాసు వెనక్కి పంపేది సుమారు 8 శాతం వెలుగే, నల్లగుడ్డ నుంచి అదీ రాదు కాబట్టి లోపలి గాజులే కనపడతాయి. కానీ లోపలి అద్దం ఆ గుడ్డని గుడ్డలాగే చూపించింది, మధ్యలో గొయ్యిలాగా. షాపాయన్ని బతిమాలి 60 సెంటీమీటర్ల వెడల్పున్న ఆ అద్దం ఒక పక్క అంచు వెనక 10 సెంటీమీటర్ల అట్టపెట్టె పెట్టించాను, అంటే దాదాపు 10 డిగ్రీలు. చూపు దానికి రెట్టింపు తిరుగుతుంది కాబట్టి అద్దం మధ్యలో ఇప్పుడు ఎదురు షాపు లైట్లు పడ్డాయి. ఒక అంచున నల్లచార మిగిలింది, అక్కడికి గాజుల స్టాండు జరిపించాం.