డ్రమ్ బస్ కంప్రెసర్‌ను పంచ్ కోసం ఎలా అమర్చాలి? అటాక్, రిలీజ్, రేషియో చేసే పని

కిక్, స్నేర్, టామ్‌లు, హై-హ్యాట్, ఓవర్‌హెడ్ మైకులు అన్నింటినీ ఒకే స్టీరియో బస్‌లోకి పంపి, దాని మీద ఒక కంప్రెసర్ పెట్టినప్పుడు కొన్నిసార్లు డ్రమ్స్ గుండెకు తగులుతాయి, మరికొన్నిసార్లు అదే కంప్రెసర్ వల్ల చప్పబడిపోతాయి. పంచ్ అని మనం అనేది ప్రధానంగా పుల్ల తగిలిన క్షణంలో వచ్చే పదునైన శబ్దానికీ, దాని వెనకే వచ్చే మోతకూ మధ్య ఉండే తేడా. కంప్రెసర్ ఈ తేడాను పెంచగలదు, చెరిపేయనూ గలదు.

ఉదాహరణగా ఒక మామూలు 4/4 నడక తీసుకుందాం. వేగం నిమిషానికి 100 బీట్లు. కిక్ ఒకటో, మూడో బీట్ల మీద, స్నేర్ రెండో, నాలుగో బీట్ల మీద పడుతున్నాయి. హై-హ్యాట్ ప్రతి అర బీట్‌కూ మోగుతోంది. 60,000ను 100తో భాగిస్తే బీట్‌కు 600 మిల్లీసెకన్లు వస్తాయి కాబట్టి, కిక్‌కూ స్నేర్‌కూ మధ్య 600, హ్యాట్‌కూ హ్యాట్‌కూ మధ్య 300 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది. ఈ రెండు అంకెలూ రిలీజ్ దగ్గర పనికొస్తాయి.

1. ముందు కావాలనే అతిగా నొక్కండి

థ్రెషోల్డ్ అనే హద్దును దాటిన శబ్దాన్ని కంప్రెసర్ తగ్గిస్తుంది; ఎంత తగ్గించాలో రేషియో, ఎంత వేగంగా తగ్గించాలో అటాక్, ఎంత వేగంగా వదిలేయాలో రిలీజ్ చెబుతాయి. రేషియోను 10:1కి, రిలీజ్‌ను అతి తక్కువకు పెట్టి, ఎంత తగ్గుతోందో చూపే గెయిన్ రిడక్షన్ మీటర్ 10 డీబీ దాకా వెళ్లేలా థ్రెషోల్డ్‌ను దించండి. వినడానికి ఇది బాగుండదు, బాగుండాల్సిన అవసరమూ లేదు. రెండు మూడు డీబీల కంప్రెషన్‌లో అటాక్ మార్పు చెవికి ఆనడం కష్టం, ఇంత ఒత్తిడిలో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

2. అటాక్: దెబ్బ మొనను వదలాలా, నలపాలా?

అటాక్‌ను 30 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, స్నేర్‌ను వింటూ మెల్లగా తగ్గించుకుంటూ రండి. ఒక చోట ‘టక్’మనే మొన మొద్దుబారి, దెబ్బ కాస్త వెనక్కి జరిగినట్టు అనిపిస్తుంది. అక్కడ ఆగి, కొద్దిగా పైకి తీసుకెళ్లండి. మామూలుగా ఆ చోటు 10కీ 30కీ మధ్య ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహ బాగా ప్రచారంలో ఉంది. అటాక్ 30 అంటే కంప్రెసర్ 30 మిల్లీసెకన్లు ఊరుకుని, ఆ తర్వాత పని మొదలుపెడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సిగ్నల్ థ్రెషోల్డ్ దాటిన క్షణం నుంచే అది తగ్గించడం మొదలుపెడుతుంది. చాలా డిజైన్లలో ఆ అంకె, చేయాల్సిన తగ్గింపులో దాదాపు మూడింట రెండు వంతులు పూర్తి కావడానికి పట్టే సమయాన్ని సూచిస్తుంది. ఈ కొలత తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి, ఒక ప్లగిన్‌లోని 10నూ మరో ప్లగిన్‌లోని 10నూ ఒకటే అనుకోకూడదు.

దీన్ని లెక్కలో చూద్దాం. స్నేర్ మొన థ్రెషోల్డ్ కంటే 10 డీబీ పైన, దాని మోత 6 డీబీ పైన ఉన్నాయనుకోండి. రెండింటి మధ్య తేడా 4 డీబీ. రేషియో 4:1. అటాక్ 1 మిల్లీసెకనుకు దగ్గరగా ఉంటే కంప్రెసర్ మొననూ వదలదు, మోతనూ వదలదు: మొన 2.5కు, మోత 1.5కు దిగుతాయి, తేడా 1 డీబీకి పడిపోతుంది. అటాక్ 30 పెడితే, మొన వినిపించే తొలి 5 మిల్లీసెకన్లలో తగ్గింపు సుమారు 1 డీబీ మాత్రమే ఉంటుంది. మోత వచ్చేసరికి అది మూడున్నర దాకా చేరుతుంది. అప్పుడు మొన 9 దగ్గర, మోత 2.5 దగ్గర నిలుస్తాయి. నాలుగు డీబీల తేడా ఆరున్నర అయింది. పంచ్ పెరిగిందని చెవి చెప్పేది దీన్నే.

అయితే అటాక్ ఎంత నెమ్మదైతే అంత మంచిదని కాదు. మొన ఒక్కటే ‘టిక్’మని మిగిలి, స్నేర్‌లో కండ లేనట్టు వినిపిస్తే హద్దు దాటినట్టే. ఇక అటాక్, రిలీజ్ రెండూ బాగా వేగంగా ఉంటే కిక్‌కు వేరే ప్రమాదం ఉంది. 50 హెర్ట్జ్ కిక్‌లో ఒక్క తరంగానికే 20 మిల్లీసెకన్లు పడుతుంది. కంప్రెసర్ దెబ్బను వదిలి ఆ తరంగం ఎగుడుదిగుళ్లనే వెంబడిస్తే, కింది స్వరం గరగరలాడుతుంది.

3. రిలీజ్: తర్వాతి దెబ్బకు సిద్ధంగా ఉందా?

ఇప్పుడు అటాక్‌ను ముట్టుకోకుండా, రిలీజ్‌ను ఎక్కువ నుంచి తక్కువకు తీసుకురండి. ఒక సెకను దగ్గర పెడితే, కిక్ వల్ల దిగిన మీటర్ ముల్లు 600 మిల్లీసెకన్ల తర్వాత స్నేర్ పడేసరికి ఇంకా పూర్తిగా వెనక్కి రాదు. అప్పటికే తగ్గి ఉన్న వాల్యూమ్‌లోనే స్నేర్ పడుతుంది కాబట్టి దాని మొన కూడా తగ్గే వస్తుంది. రెండో మెట్టులో కాపాడుకున్న పదును ఇలా పోతుంది. అప్పుడు చాలామంది రిలీజ్‌ను వదిలేసి మళ్లీ అటాక్‌నే తిప్పుతూ కూర్చుంటారు.

రిలీజ్‌ను 50 మిల్లీసెకన్ల దాకా దించితే మరో చిక్కు వస్తుంది. కిక్ పడిన వెంటనే వాల్యూమ్ గబుక్కున లేచి, సింబళ్ల మోత, గది మోత ఉబ్బి పైకి వస్తాయి; హై-హ్యాట్ ఎగిరెగిరి పడుతున్నట్టు వినిపిస్తుంది. రాక్ పాటలో ఇది ఒక రుచి కావచ్చు గానీ, మెల్లని పాటలో చిరాకు పుట్టిస్తుంది. మన ఉదాహరణలో 100 నుంచి 200 మధ్య మొదలుపెట్టి, తర్వాతి దెబ్బ పడటానికి కాస్త ముందే ముల్లు సున్నాకు చేరేలా సరిచేయండి. తల ఊపే లయలో ముల్లు ఊగుతుంటే రిలీజ్ కుదిరినట్టే. తీన్‌మార్ డప్పుల్లా దెబ్బలు ఒత్తుగా పడే చోట అంత ఎడం దొరకదు, అక్కడ ఇంకా తగ్గించాలి.

4. రేషియో, ఆ తర్వాత థ్రెషోల్డ్

ఇప్పుడు రేషియోను 10:1 నుంచి 4:1కి, అవసరమైతే 2:1కి దించండి. థ్రెషోల్డ్‌కు 8 డీబీ పైన ఉన్న శబ్దాన్ని 2:1 నాలుగు డీబీలు, 4:1 ఆరు డీబీలు తగ్గిస్తుంది. 2:1తో డ్రమ్స్ ఒక జట్టుగా కుదురుకుంటాయి, దెబ్బ ఆకారం పెద్దగా మారదు. 4:1తో మొనకూ మోతకూ ఉన్న తేడా గట్టిగా తెలుస్తుంది. పంచే కావాలనుకుంటే నేను 4:1నే ఎంచుకుంటాను. రేషియో మారితే తగ్గింపు కూడా మారుతుంది కాబట్టి, చివరగా థ్రెషోల్డ్‌ను పైకి తీసుకెళ్లి గట్టి దెబ్బలకు మీటర్ 2 నుంచి 4 డీబీ చూపేలా పెట్టండి.

ఎస్‌ఎస్‌ఎల్ జి-సిరీస్ బస్ కంప్రెసర్‌ను అనుకరించే ప్లగిన్ మీ దగ్గర ఉంటే, రేషియో 4, అటాక్ 10 లేదా 30, రిలీజ్ 0.1 సెకనుతో మొదలుపెట్టవచ్చు.

5. సరిచూసుకోవడం

కిక్ పడినప్పుడల్లా సింబళ్లు కూడా కుంగుతుంటే, సైడ్‌చెయిన్‌లో, అంటే కంప్రెసర్ విని స్పందించే సిగ్నల్‌లో, 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్ వేయండి. అది వినిపించే కిక్‌ను కోయదు. కిక్ కింది శబ్దానికి కంప్రెసర్ అతిగా స్పందించకుండా చూస్తుంది, అంతే.

తర్వాత మేకప్ గెయిన్‌తో, కంప్రెసర్ ఉన్నప్పుడూ బైపాస్‌లోనూ వినిపించే వాల్యూమ్ సమానం చేసి పోల్చండి. పెద్దగా వినిపించేది ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుంది, కాబట్టి ఈ సమానత లేని పోలికకు విలువ లేదు. సమానం చేశాక బస్ పీక్ మీటర్ బైపాస్‌లో కంటే ఎక్కువ చూపవచ్చు. మొనలను వదిలి మోతను తగ్గించి, మొత్తాన్ని పైకి లేపాం కాబట్టి అది సహజమే. ఆ పీకులు క్లిప్ అవుతుంటే అటాక్‌ను వేగం చేయకండి, ఆ పని తర్వాత పెట్టే లిమిటర్‌కో క్లిప్పర్‌కో వదిలేయండి.