పెళ్ళి పిలుపుల లిస్టులో డబుల్ పేర్లు: నాకు కుదిరిన పద్ధతి

చెల్లి పెళ్ళికి అమ్మ, బావ, పెద్దత్త ఎవరి లిస్టు వాళ్ళు పంపారు. అన్నీ గూగుల్ షీట్‌లో కలిపితే ఒకే ఇల్లు రెండుమూడు చోట్ల వచ్చింది. పేర్లను అక్షరక్రమంలో పెట్టినా, Remove duplicates నొక్కినా లాభం లేకపోయింది. అమ్మ లిస్టులో ‘రాజాం చిన్నాన్న’, బావ లిస్టులో ‘హెడ్‌మాస్టారు’, రెండూ ఒక్కరే మరి!

పేరు వదిలేసి ఫోన్ నంబరు పట్టుకున్నాక దారి దొరికింది. ముందు ‘ఎవరి లిస్టు’ అని ఒక కాలమ్ పెట్టాను. నంబర్లు B లో ఉన్నాయి. +91, సున్నా, ఖాళీలు పోయి చివరి పది అంకెలే మిగిలేలా E లో మొదటిది, F లో రెండోది రాసి కిందికి లాగాను:

```
=RIGHT(REGEXREPLACE(B2&"","\D",""),10)
=COUNTIF(E:E,E2)
```

F లో 1 కంటే ఎక్కువ వచ్చినవాటిని E ప్రకారం సార్ట్ చేస్తే జంటలు పక్కపక్కకు వచ్చాయి. వెంటనే చెరపలేదు. ‘ఎవరి లిస్టు’లో ‘అమ్మ, బావ’ అని కలిపి రాశాకే రెండో వరస తీశాను. బొట్టు పెట్టి పిలవడానికి ఎవరు వెళ్ళాలో దాన్నిబట్టే తేలింది.

నంబరు లేని వరసలన్నీ డబుల్‌గానే కనిపిస్తాయి, వాటిని ముందే పక్కన పెట్టండి. ఒకే గడిలో రెండు నంబర్లుంటే చివరిదే లెక్కలోకి వస్తుంది. భార్యది ఒక లిస్టులో, భర్తది ఇంకో లిస్టులో ఉంటే ఇది పట్టదు. అందుకే మిగిలినవి ఊరివారీగా సార్ట్ చేసి అమ్మకు చదివి వినిపించాను. బొబ్బిలి వరసల్లో ఇంకో జంట అలాగే దొరికింది. నంబర్లు సరిగా రాయని లిస్టులకు ఇది ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేను.