లైవ్‌లో అమ్మకం, 4వ పాఠం: ‘బుక్’ అన్నవాళ్ళంతా కొన్నట్టు కాదు

పోయిన పాఠంలో ఫోను, లైటు, నెట్ సర్దుకున్నాం. ఈసారి ఆత్రేయపురం పూతరేకుల లైవ్ ఒకటి మొదటి నుంచి చివరి దాకా ప్లాన్ చేద్దాం. సరుకు 60 పెట్టెలు, పెట్టెకు పది రేకులు.

ముందుగా లైవ్ ఏ రోజో ఖాయం చేసుకోండి. నేను మంగళవారం రాత్రి 8 గంటలకు పెడతాను. బుధవారం ప్యాకింగ్, గురువారం ఉదయం కొరియర్. శనివారం పంపితే పార్సిల్ ఆదివారమంతా గోడౌన్‌లో ఉండిపోతుంది, దాని మీద ఇంకో పార్సిల్ బరువు పడితే రేకు పొడైపోతుంది.

శనివారం నుంచే వాట్సాప్ స్టేటస్ మొదలుపెట్టండి. “లైవ్ ఉంది, రండి” అంటే ఎవరూ పలకరు. కుండ మీద రేకు తీసే చిన్న వీడియో పెట్టి, “బెల్లమా, పంచదారా?” అని అడగండి. 40 మంది జవాబిస్తే, అందులో 28 మంది బెల్లం అంటే, 60లో 42 పెట్టెలు బెల్లంవి చుట్టించండి. అలా అడిగితే సరుకు లెక్క తేలుతుంది, లైవ్‌కి వచ్చేవాళ్ళూ తెలుస్తారు.

లైవ్‌లో మొదటి పది నిమిషాలు బుకింగ్ తెరవకండి, జనం ఇంకా వస్తూ ఉంటారు. రేకు విరిచి, నెయ్యి చూపించి, మాట్లాడండి. ధర, డెలివరీ ఖర్చు మాత్రం మధ్యలో వచ్చినవాళ్ళ కోసం మళ్ళీమళ్ళీ చెప్పాలి.

అసలు చిక్కు బుకింగ్‌లో ఉంది. నా మొదటి లైవ్‌లో 60 పెట్టెలకు 71 మంది ‘బుక్’ అని కామెంట్ పెట్టారు. అయిపోయాయని చెప్పి లైవ్ ఆపేశాను. తెల్లారేసరికి డబ్బు కట్టింది 38 మందే. నిజంగా కావాలన్న పదకొండు మందిని నేనే వెనక్కి పంపేశాను.

ఇప్పుడు కామెంట్‌ను లెక్కలోకి తీసుకోను. లైవ్ అందరికీ ఒకే క్షణాన చేరదు, కొందరికి కొన్ని సెకన్లు ఆలస్యంగా కనిపిస్తుంది. అందుకే వాట్సాప్‌కి మెసేజ్ వచ్చిన టైమే వరస. పక్కన ఒకరు కూర్చుని పుస్తకంలో నంబరు, పేరు, పెట్టెలు, టైము రాస్తారు. అరగంటలో డబ్బు రాకపోతే పెట్టె వెయిటింగ్‌లో ఉన్న తరువాతివాళ్ళకు వెళ్తుంది. ఈ మాట లైవ్‌లోనే మూడుసార్లు చెప్పండి, అప్పుడు ఎవరూ నొచ్చుకోరు. పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి సరే అనకండి, దాన్ని మార్చడం తేలిక. మీ ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసి టిక్ పెట్టండి.

లైవ్ ముగిశాక అదే రాత్రి కట్టినవాళ్ళకు “గురువారం పంపుతున్నాం” అని, దొరకనివాళ్ళకు “ఈసారి అయిపోయాయండి” అని విడివిడిగా రాయండి. గురువారం ట్రాకింగ్ నంబరు పంపండి. పెట్టె చేరిన రోజు, తెరవగానే ఫొటో పంపమని అడగండి. ఒకే వైపు రేకులు నలిగి ఉంటే పెట్టెలో ఖాళీ మిగిలిందని అర్థం, అక్కడ కాగితం దట్టించాలి. అన్నీ అణిగిపోతే బయటి అట్ట పలచన. విరిగినవాటికి డబ్బు వెనక్కివ్వడమా, ఇంకో పెట్టె పంపడమా అన్నది కొన్నవాళ్ళనే అడగండి.

వెయిటింగ్‌లో మిగిలిపోయిన పేర్లు చెరిపేయకండి. తరవాతి లైవ్ కబురు స్టేటస్‌లో పెట్టడానికి ఒకరోజు ముందే వాళ్ళకు వెళ్ళాలి.