మ్యాప్ ఉంది, నీలం చుక్కే లేదు

కొండదారి మ్యాప్ మొత్తం ముందు రోజే డౌన్‌లోడ్ చేసుకున్నాను కాబట్టి సిగ్నల్ పోయినా టెన్షన్ పడలేదు. మధ్యలో ఫోన్ వేడెక్కి ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే మ్యాప్ తెరుచుకుంది, ఊళ్లూ మలుపులూ అన్నీ ఉన్నాయి. నేనెక్కడున్నానో చూపే నీలం చుక్క మాత్రం లేదు. ఎదురుగా దారి రెండుగా చీలింది.

మొదట యాప్‌ని తిట్టుకున్నాను. తప్పు దానిది కాదు. జీపీఎస్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు, నిజమే. కానీ డేటా ఉన్నప్పుడు ఉపగ్రహాలు ఎక్కడున్నాయన్న వివరాలు ఫోన్‌కి నెట్ నుంచి చటుక్కున అందుతాయి. లేనప్పుడు వాటిని ఉపగ్రహం నుంచే వినాలి. అదేమో సెకనుకు 50 బిట్ల నత్తనడకన పంపుతుంది, 30 సెకన్లకోసారి మళ్లీ మొదలుపెడుతుంది. మధ్యలో చెట్టో కొండో అడ్డొస్తే ఆ ముక్క పోయినట్టే, మరో విడత కోసం ఆగాల్సిందే. నేనేమో ఫోన్‌ని సీటు మీద పడేసి చెట్ల కింద బండి పోనిస్తూనే ఉన్నాను!

చీలిక దగ్గర ఖాళీ జాగా చూసి బండి ఆపాను. ఫోన్‌ని కారు పైకప్పు మీద పెట్టి కదపకుండా వదిలేశాను. రెండు నిమిషాలు దాటాక చుక్క వచ్చింది, చుట్టూ పెద్ద లేత నీలం వలయంతో. వలయం అంత పెద్దగా ఉన్నంతసేపు నమ్మకూడదు, రెండు దారులూ అందులోనే పడతాయి. అది ముడుచుకున్నాకే కదిలాను.

ఇప్పుడు సిగ్నల్ పోకముందే మ్యాప్ తెరిచి చుక్క పడనిస్తాను. అలా అందిన ఉపగ్రహాల వివరాలు కొన్ని గంటలే పనికొస్తాయి. ఫోన్‌ని డ్యాష్‌బోర్డు మీద ఏసీ గాలి తగిలే చోట బిగిస్తున్నాను, మళ్లీ వేడెక్కి ఆగకుండా.