సాంద్రత మాత్రమే తెలిసిన ఆమ్లానికి ద్రవ్యరాశి శాతం, మోలారిటీ, మోలాలిటీ కట్టడం ఎలా?

తిరుపతిలో బ్యాటరీలు బాగుచేసే దుకాణాల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కొలిచేది ఒక్క హైడ్రోమీటరుతోనే. “గ్రావిటీ 1280” అంటే ఆ ద్రావణం ఒక మిల్లీలీటరు సుమారు 1.280 గ్రాములు తూగుతుందని అర్థం. ఆ ఒక్క అంకె నుంచి మూడు గాఢతలనూ రాబట్టవచ్చు. అయితే ముందుగా రెండు సంగతులు తెలియాలి: అది ఏ ఆమ్లం, దాన్ని ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారు.

ఏ ఆమ్లమో తెలియకపోతే సాంద్రతకు అర్థమే ఉండదు. 20 డిగ్రీల దగ్గర 1.18 సాంద్రత ఉన్న ద్రావణం 36 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావచ్చు, 30 శాతం నైట్రిక్ ఆమ్లం కావచ్చు, దాదాపు 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా కావచ్చు. కాబట్టి ఆ ఆమ్లానికే చెందిన సాంద్రతల పట్టికను దగ్గర పెట్టుకోవాలి. రసాయనశాస్త్ర చేతిపుస్తకాల్లో ఇవి దొరుకుతాయి.

ఉష్ణోగ్రతను మన ఊళ్లలో అసలు వదిలిపెట్టకూడదు. బ్యాటరీ ఆమ్లం సాంద్రత ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.0007 చొప్పున తగ్గుతుంది. ఎండాకాలంలో 40 డిగ్రీల దగ్గర హైడ్రోమీటరు 1.266 చూపించిందనుకుందాం. పట్టిక 20 డిగ్రీలకు ఇచ్చినది కాబట్టి తేడా 20 డిగ్రీలు. దానికి 0.014 కలిపితే సరిచేసిన సాంద్రత 1.280 అవుతుంది. ఈ సవరణ చేయకుండా 1.266తోనే పట్టిక చూస్తే శాతం 37.4కు బదులు 35.7 వస్తుంది.

ఇప్పుడు శాతం తీయాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లం పట్టికలో 37 శాతానికి 1.2769, 38 శాతానికి 1.2855 ఉంటాయి. మన అంకె 1.2800 ఈ రెండింటి మధ్య పడుతుంది. మొదటి దానికంటే అది 0.0031 ఎక్కువ, రెండింటి మధ్య మొత్తం తేడా 0.0086. ఆ నిష్పత్తి 0.36 కాబట్టి ద్రవ్యరాశి శాతం 37.36.

మోలారిటీకి ఒక లీటరు ద్రావణాన్ని ఊహించుకోవాలి. అది 1280 గ్రాములు తూగుతుంది, అందులో 37.36 శాతం, అంటే 478.2 గ్రాములు ఆమ్లం. దాన్ని మోలార్ ద్రవ్యరాశి 98.08తో భాగిస్తే 4.876 మోల్‌లు వస్తాయి. ద్రావణం లీటరే కాబట్టి 20 డిగ్రీల దగ్గర మోలారిటీ 4.876.

మోలాలిటీ దగ్గరే చాలామంది విద్యార్థులు తడబడతారు, ఎందుకంటే ఇక్కడ భాగించవలసింది ద్రావణం బరువుతో కాదు, నీటి బరువుతో మాత్రమే. 1280 గ్రాముల్లోంచి 478.2 తీసేస్తే నీరు 801.8 గ్రాములు, అంటే 0.8018 కిలోలు. 4.876ను దానితో భాగిస్తే మోలాలిటీ 6.08. పొరపాటున 1.280 కిలోలతో భాగిస్తే 3.81 వస్తుంది. ఇలాంటి గాఢ ద్రావణంలో మోలాలిటీ మోలారిటీ కంటే తక్కువగా వచ్చిందంటే, లీటరులో నీరు కిలో కంటే తక్కువే ఉన్న సంగతిని లెక్క మరిచిపోయిందని అక్కడికక్కడే గుర్తించవచ్చు.

మోలారిటీ నుంచి నేరుగా మోలాలిటీకి రావాలన్నా దారి ఇదే:

```
m = 1000 × M / (1000 × d − M × 98.08)
```

ఇందులో M మోలారిటీ, m మోలాలిటీ, d సాంద్రత. శాతం నుంచి మోలాలిటీకి మాత్రం సాంద్రత అక్కర్లేదు. వంద గ్రాముల ద్రావణంలో 37.36 గ్రాముల ఆమ్లం, 62.64 గ్రాముల నీరు ఉంటాయని తీసుకున్నా 6.08 రావాలి. రాకపోతే మోలారిటీ లెక్కలో ఎక్కడో తప్పుంది. నా ఉద్దేశంలో ప్రతిసారీ చేసి తీరవలసిన సరిచూపు ఇది.

మోలారిటీ పక్కన ఉష్ణోగ్రత రాయడం కూడా అవసరమే. ఇదే ఆమ్లం 40 డిగ్రీల దగ్గర వ్యాకోచిస్తే, లీటరుకు 4.82 మోల్‌లే ఉంటాయి. శాతమూ మోలాలిటీ బరువుల మీద ఆధారపడ్డవి కాబట్టి మారవు. హైడ్రోమీటరును 0.005 తేడాతో చదివినా శాతంలో దాదాపు 0.6 తేడా పడుతుంది. అందువల్ల చివరి జవాబును 37.4 శాతం, 4.9 మోలార్, 6.1 మోలాల్ అని కుదించి రాయడమే నిజాయతీ.

ఈ పద్ధతి దాదాపు 90 శాతం దాకా నమ్మకంగా పనిచేస్తుంది. ఆ పైన సాంద్రత పెరుగుదల మందగించి, 97, 98 శాతాల మధ్య 1.836 దగ్గర ఆగి, ఆ తర్వాత తగ్గుతుంది. 94 శాతానికి 1.8312, స్వచ్ఛమైన ఆమ్లానికి 1.8305 కనుక, 1.831 చదివినవారు ఆ సీసాలో ఏది ఉందో సాంద్రతతో చెప్పలేరు. అప్పుడు కొద్దిపాటి ఆమ్లాన్ని తూచి, నీటిని ఆమ్లంలో కాక ఆమ్లాన్నే చల్లని నీటిలో నెమ్మదిగా పోసి పలుచన చేసి, గాఢత తెలిసిన సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేయాలి.