మేలుకొని ఉండాలనుకున్నాక పట్టిన నిద్ర

అమలాపురం దగ్గర మా ఊళ్లో రాత్రి భోజనం ముగిసేసరికే, ఇవాళైనా నిద్ర పడుతుందా అన్న గుబులు నాలో మొదలయ్యేది. నిద్ర కోసం ప్రయత్నించేకొద్దీ, అది పట్టిందా లేదా అని మనసు కాపలా కాస్తుంది కనుక శరీరం సడలదని వైద్యురాలు వివరించి, తలకిందులుగా తోచే ఉపాయం చెప్పారు: దీపం ఆర్పి పడుకొని, కళ్లు తెరిచే ఉంచి, ‘ఇంకాసేపు మేలుకొనే ఉంటాను’ అనుకోవాలి, ఫోను మాత్రం ముట్టకూడదు. మొదటి మూడు రాత్రులు దీన్నీ నిద్రపుచ్చే కిటుకుగానే భావించి, పనిచేస్తోందా అని మాటిమాటికీ గడియారం చూశాను, అందుకే ఫలించలేదు. గడియారాన్ని వసారాలోకి మార్చాక, నాలుగో రాత్రి కాలువలో కప్పల అరుపులు వింటూ నిజంగానే మేలుకొని ఉండబోయాను. రెప్పలు బరువెక్కినప్పుడు వాటిని ఆపలేదు. ఇప్పటికీ కొన్ని రాత్రులు మెలకువగానే గడుస్తాయి, కానీ మంచం చూస్తే గుండెదడ రావడం లేదు.