నివేదికలో భాష ఒకచోట పుస్తకంలా, ఒకచోట మాటలా ఉంటే: సరిహద్దు రచనల్లో కనిపించే ‘నాడు, నారు’ చిక్కు

లక్షణం ఇలా ఉంటుంది. సంఘం వార్షిక నివేదికను ఇద్దరు రాశారు. మీరు దిద్ది, వాడుక మాటలు తీసి, ‘ఆఫీసు’ను ‘కార్యాలయం’ చేశారు. అయినా పైకి చదివితే పేరాకొకచోట గొంతు మారుతున్నట్లు వినిపిస్తుంది.

మొదట చూడవలసినది ఒకటుంది. అందరూ దాన్ని దాటేసి మాటల మార్పిడికి దిగుతారు కాబట్టే ఇది రాయవలసి వస్తోంది. తెలుగులో రాత భాషా, మాట భాషా అనేది ముఖ్యంగా క్రియ తేలుస్తుంది, నామవాచకం కాదు. ‘బైండరు’, ‘కలెక్టరు’ వంటి మాటలు ఎంత లాంఛనమైన నివేదికలోనైనా ఇమిడిపోతాయి. కనుక మాటలను వదిలి, ప్రతి వాక్యం చివరి క్రియ కింద మాత్రమే గీత గీయండి. ‘చేసీసినాడు’, ‘ఎల్లిపోనాడు’ వంటివి అప్పటికప్పుడే దొరుకుతాయి.

దొరకనిది వేరే ఉంది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ప్రాంతాల్లో రాసినవాటిని దిద్దేటప్పుడు నేను చాలాసార్లు దీనివల్లే దెబ్బతిన్నాను. మన వైపు మాటల్లో ‘వచ్చినాడు, చెప్పినారు’ అనడం సహజం. పాత పుస్తక భాషలోనూ ‘వచ్చినాడు, చెప్పినారు’ అనే రూపాలే ఉన్నాయి. అంటే వీధి మాటా, గ్రాంథికమూ ఒకే వేషంలో వస్తాయి. ‘నారు’ చూడగానే గౌరవంగా, పుస్తకంలా తోస్తుంది గనుక దిద్దేవారు దానిని వదిలేస్తారు. పక్క వాక్యంలోని ‘వచ్చారు’తో అది పొసగదు.

ఆ రూపం ఎటునుంచి వచ్చిందో తెలుసుకోవడానికి అదే పేరాలోని ‘ది’తో ముగిసే క్రియలను చూడాలి. గ్రాంథికంలో ‘ఉన్నది, వచ్చినది’ అని ఉంటుంది. మన వాడుకలో ‘ఉన్నాది, వచ్చినాది’ అని దీర్ఘం వస్తుంది. నేటి శిష్టవ్యవహారంలో ‘ఉంది, వచ్చింది’ అంటారు. ‘నాడు’ దాచిన గుట్టును ఈ ఒక్క దీర్ఘం బయటపెడుతుంది.

నా చేతికి వచ్చిన ఒక గ్రంథాలయ నివేదికలోని పేరా చూడండి:

“కార్యవర్గము జూన్ నెలలో సమావేశమై పాత పుస్తకాలను బైండింగు చేయించవలెనని నిశ్చయించినది. పౌర్ణమినాడు కార్యదర్శి బరంపురం వెళ్ళి బైండరుతో మాట్లాడినారు. పని బాగున్నాది గాని ఆయన ధర ఎక్కువ చెప్పినారు.”

మొదటి వాక్యంలోని ‘నిశ్చయించినది, వలెను’ ఒక పెద్దాయన రాతవి. మూడో వాక్యంలోని ‘బాగున్నాది’ నోటి మాట. ఇక్కడ రెండు రకాల ‘ది’లూ ఉన్నాయి గనుక నడుమనున్న ‘మాట్లాడినారు’ ఎవరిదో చెప్పలేము, అది ఇరువైపులా అతుకుతుంది. అందుకే ఈ పేరాలో అతుకు కంటికి కనబడదు.

ఇటువంటి పత్రానికి నేను శిష్టవ్యవహారాన్నే ఎంచుకుంటాను. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు వాదించింది కూడా శిష్టుల వాడుక రాతలోకి రావాలనే గాని, ఒకే పేజీలో రెండింటినీ కలపమని కాదు. దిద్దిన తరువాత పేరా ఇలా అయింది:

“కార్యవర్గం జూన్ నెలలో సమావేశమై పాత పుస్తకాలను బైండింగు చేయించాలని నిశ్చయించింది. పౌర్ణమినాడు కార్యదర్శి బరంపురం వెళ్ళి బైండరుతో మాట్లాడారు. పని బాగుంది కాని ఆయన ధర ఎక్కువ చెప్పారు.”

ఈ మార్పులను కంప్యూటరులో ఒకేసారి చేయించకండి. ఒకసారి తొందరపడి ‘ినాడు’ ఉన్నచోటల్లా ‘ాడు’ పెట్టించాను. ‘వచ్చినాడు’ చక్కగా ‘వచ్చాడు’ అయింది గాని, ‘చేసినాడు’ ‘చేసాడు’ దగ్గర ఆగిపోయింది, అక్కడ కావలసినది ‘చేశాడు’. ‘ఏకాదశినాడు’ ‘ఏకాదశాడు’ అయి అచ్చుకు వెళ్ళింది. అప్పటినుంచి ‘నాడు, నారు, నాను, నాము, నాది’ అని వెతికించి, దొరికిన ప్రతిచోటా ఆగి చేత్తోనే మారుస్తున్నాను. ‘నాది’ని వెతికేటప్పుడు ‘పునాది’ వంటివి కూడా వస్తాయి, వాటిని దాటవేయాలి.

వాక్యాంతాలు కుదిరాక ‘అని’కి ముందున్న భాగాన్ని చూడండి. “డబ్బులు రేపిచ్చీస్తానని అన్నారు” వంటివి అక్కడే దాక్కుంటాయి. ఆ మనిషి మాటే కావాలనుకుంటే కొటేషన్లలో యథాతథంగా ఉంచండి. లేదంటే ‘మరునాడు ఇస్తానని’ అని మార్చండి. సగం ఇటు, సగం అటు వద్దు.

ఒడియా ప్రభావమనీ, పాత ఫాంటు మార్చడంలో తేడా వచ్చిందనీ కొందరు అంటారు. అక్షరాలు చెడితే ఫాంటు సంగతి చూడండి. అక్షరాలు సరిగా ఉండి గొంతు మాత్రమే మారుతుంటే మళ్ళీ ‘నారు’ల దగ్గరికే వెళ్ళండి.